సైట్ కట్టిన కుర్రాడు ఊరు వదిలేలోగా ఏమేం చేతికి తీసుకోవాలి?

బరంపురంలో తెలుగువాళ్ల కొట్లకు వెబ్‌సైట్ ఎవరు కట్టారని అడిగితే కంపెనీ పేరు వినిపించడం తక్కువ. "మా అక్క కొడుకు కట్టాడండీ" అంటారు, లేదంటే "మా అబ్బాయి క్లాసుమేటు ఒకడున్నాడు, అన్నీ వాడే చూసుకుంటాడు" అంటారు. అందులో తప్పేమీ లేదు. తక్కువ ఖర్చులో పని అవుతుంది, ఆదివారం ఫోన్ చేసినా పలుకుతాడు. ఆ కుర్రాడి చదువైపోయి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం వచ్చిన రోజున మొదలవుతుంది చిక్కు. కొట్టు ఇక్కడే ఉంటుంది, సైటూ నడుస్తూనే ఉంటుంది. అది ఎవరి పేరు మీద, ఏ మెయిల్ మీద, ఎవరి కార్డు మీద నడుస్తోందన్న సంగతి మాత్రం అతనితోపాటు రైలెక్కేస్తుంది.

చెప్పుకోడానికి ఒక కొట్టును ఊహించుకుందాం. పెద్ద బజారు దగ్గర అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు అమ్మే ఇల్లు. పట్టుచీరలతోపాటు అప్పడాలకూ బరంపురానికి పేరుంది కాబట్టి సూరత్‌లో పనిచేసే గంజాం వాళ్ల నుంచీ, విశాఖ నుంచీ, హైదరాబాదు నుంచీ ఆర్డర్లు వస్తుంటాయి. సైట్ చిరునామా `example.com` అనుకుందాం. మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగా వర్డ్‌ప్రెస్ మీద కట్టాడు. వచ్చే నెల బెంగళూరులో చేరతాడు. అంటే మావయ్య చేతిలో ఉన్నది నెల రోజులు. ఆ నెల చాలు, కానీ పనులు ఒక వరసలో జరగాలి. ఆ వరసే ఇక్కడ చెబుతున్నాను.

పాస్‌వర్డ్ తెలిస్తే చాలదు

"పాస్‌వర్డ్‌లన్నీ వాట్సాప్‌లో పెట్టేశాను మావయ్యా" అని కుర్రాడు అంటాడు, మావయ్య నిశ్చింతగా ఉంటాడు. పాస్‌వర్డ్ ఎప్పుడైనా మారిపోతుంది. మారినప్పుడు కొత్తది పెట్టుకునే హక్కు ఎవరికి ఉంటుందంటే, ఆ ఖాతాకు రికవరీ కింద ఇచ్చిన మెయిలూ ఫోన్ నంబరూ ఎవరి దగ్గరుంటే వాళ్లకి. కాబట్టి ఖాతా ఎవరిదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లాగిన్ పేజీలో `Forgot password?` నొక్కండి. కోడ్ ఎవరి ఫోన్‌కి వచ్చిందో చూడండి. మేనల్లుడి జేబులో ఫోన్ మోగితే, ఆ ఖాతా ఇంకా మేనల్లుడిదే. ప్రతి ఖాతా మీదా ఈ పరీక్ష చేయాలి, అదీ కుర్రాడు పక్కన కూర్చుని ఉండగానే.

మొదట లెక్క తీయాలి

ఒక సాయంత్రం కొట్టు కట్టేశాక ఇద్దరూ కూర్చోండి. "ఏయే ఖాతాలున్నాయి?" అని అడిగితే కుర్రాడికి సగమే గుర్తుంటాయి. "ఈ సైట్ కోసం ఎక్కడెక్కడ డబ్బు కట్టావు?" అని అడగండి, అతని మెయిల్‌లో `invoice`, `renewal`, `verify your email` అన్న మాటలు వెతికించండి. ఎప్పుడో పెట్టుకున్న ఖాతాలు అప్పుడు బయటికి వస్తాయి.

మన కొట్టుకి వచ్చిన జాబితా ఇలా ఉంటుంది: డొమైన్ కొన్న రిజిస్ట్రార్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, డీఎన్‌ఎస్ చూసే ఖాతా, వర్డ్‌ప్రెస్ అడ్మిన్, కొట్టు జీమెయిల్, గూగుల్ మ్యాప్‌లో కనిపించే కొట్టు పేజీ, పేమెంట్ గేట్‌వే, వాట్సాప్ బిజినెస్ నంబరు, ఫేస్‌బుక్ పేజీ. తొమ్మిదీ ఒకే బరువైనవి కావు. ఫేస్‌బుక్ పేజీ పోతే బాధ, అంతే. డొమైన్ పోతే సైటూ పోతుంది, ఆ డొమైన్ మీదున్న మెయిలూ పోతుంది, డబ్బా మీద అచ్చు వేయించిన చిరునామా ఇంకొకడి పాలవుతుంది.

కుర్రాడు చెప్పినదాన్ని మీ అంతట మీరు సరిచూసుకునే దారి కూడా ఉంది. `lookup.icann.org` తెరిచి చిరునామా కొట్టండి. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గరుందో, గడువు ఏ తేదీన ముగుస్తుందో, నేమ్ సర్వర్లు ఎవరివో కనిపిస్తాయి. యజమాని పేరు మాత్రం చాలావరకు దాచి ఉంచుతారు. అది రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్తేనే తెలుస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టినా ఉపయోగమే:

```
nslookup -type=ns example.com
nslookup -type=mx example.com
```

మొదటిది డీఎన్‌ఎస్ ఎవరి దగ్గరుందో చెబుతుంది, రెండోది మీ డొమైన్ మెయిల్ ఎక్కడికి వెళ్తోందో చెబుతుంది. డొమైన్ ఒక కంపెనీలో, నేమ్ సర్వర్లు వేరే కంపెనీలో కనబడితే కంగారు పడకండి, అలా పెట్టుకోవడం మామూలే. కాకపోతే జాబితాలో ఇంకో ఖాతా చేరిందని అర్థం. కుర్రాళ్లు తమ సొంత క్లౌడ్‌ఫ్లేర్ ఖాతాలో నాలుగైదు సైట్లు కలిపి పెట్టుకోవడం, అందులో మావయ్య సైట్ ఒకటి కావడం తరచూ జరిగేదే.

కొట్టుకి సొంత మెయిల్, సొంత సిమ్

మిగతావన్నీ బదిలీ చేసుకోవాలంటే ముందు అందుకునే చెయ్యి ఉండాలి. కొట్టు పేరు మీద ఒక జీమెయిల్ పెట్టండి. యజమాని గుర్తింపు కార్డు మీద తీసిన సిమ్ ఒకటి దానికి ఇవ్వండి. కుర్రాడి పేరు మీద తీసిన సిమ్ కొట్టు ఫోన్‌లో వేసుకుని ఏళ్లుగా వాడుతున్న ఇళ్లున్నాయి. ఆ సిమ్ పోతే డూప్లికేట్ కోసం కుర్రాడు స్వయంగా రావాల్సిందే.

ఆ డొమైన్ మీదే ఉన్న మెయిల్‌ను, అంటే `owner@example.com` లాంటిదాన్ని, డొమైన్ ఖాతాకు రికవరీగా పెట్టకండి. గడువు దాటి డొమైన్ ఆగిపోతే ఆ మెయిలూ ఆగిపోతుంది. ఆగిందన్న కబురు కూడా ఆ మెయిల్‌కే వస్తుంది. ఇక ఎవరూ చూడలేరు.

కొట్టు జీమెయిల్ ముందే ఉండి, దాన్ని మేనల్లుడే తెరిచి ఉంటే, గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ రెండూ మార్చండి. మార్చిన తర్వాత కూడా ఓ వారం దాకా పాత నంబరుకే కోడ్ పంపే అవకాశం గూగుల్ ఉంచుతుంది. అందుకే ఇది చివరి రోజు చేయాల్సిన పని కాదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, `Backup codes` దగ్గర వచ్చే పది కోడ్‌లను కాగితం మీద అచ్చు తీయండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఆ కాగితం ఆహార లైసెన్స్ కాగితాలున్న ఫైల్లోనే పెట్టండి, వెతుక్కోవాల్సిన పని ఉండదు.

డొమైన్: తొందరపడకూడదు, ఆలస్యమూ చేయకూడదు

రిజిస్ట్రార్ ఖాతాలోకి మేనల్లుడి చేత లాగిన్ చేయించి, డొమైన్ వివరాల్లో రిజిస్ట్రెంట్ ఎవరో చూడండి. అక్కడ పేరు, సంస్థ అని రెండు గళ్లుంటాయి. సంస్థ గడిలో ఏదైనా రాసి ఉంటే, డొమైన్ ఆ సంస్థదని లెక్క. ఖాళీగా ఉంటే, పేరు గడిలో ఉన్న మనిషిది. కుర్రాడు తన పేరు, తన కాలేజీ మెయిల్ ఇచ్చి ఉంటాడు, మీ దగ్గర డబ్బు తీసుకునే కట్టి ఉండొచ్చు. అయినా రిజిస్ట్రార్ దృష్టిలో యజమాని అతనే. డబ్బు ఎవరిచ్చారన్నది వాళ్లు చూడరు.

దీనికి తేలిక మార్గం ఒకటుంది. అదే రిజిస్ట్రార్ దగ్గర కొట్టు మెయిల్‌తో మీరొక ఖాతా తెరవండి. కుర్రాడు తన ఖాతా నుంచి మీ ఖాతాకు డొమైన్‌ను పంపుతాడు. కంపెనీని బట్టి దీని పేరు మారుతుంది, ఎక్కువ చోట్ల ఖాతా మార్పు అంటారు. సాధారణంగా దీనికి డబ్బు తీసుకోరు. ఆ తర్వాత రిజిస్ట్రెంట్ పేరు, సంస్థ, మెయిల్ మీవి పెట్టండి.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ఇలా మార్చేటప్పుడు చాలా రిజిస్ట్రార్లు పాత మెయిల్‌కీ కొత్త మెయిల్‌కీ రెండింటికీ ధ్రువీకరణ పంపుతాయి. పాతది కాలేజీ మెయిల్ అయితే, చదువు అయిపోగానే కాలేజీ వాళ్లు దాన్ని మూసేస్తే, ఆ కబురు అందుకునే దిక్కుండదు. కాబట్టి ఆ మెయిల్ బతికి ఉండగానే పని పూర్తవ్వాలి. రెండు, కొత్త మెయిల్‌కి వచ్చే నిర్ధారణ లింక్‌ను 15 రోజుల్లోగా నొక్కాలి. నొక్కకపోతే డొమైన్‌ను నిలిపేస్తారు. అన్నీ సవ్యంగా చేసి రెండు వారాల తర్వాత హఠాత్తుగా సైట్ తెరుచుకోవడం మానేస్తే, మొదట వెతకాల్సింది స్పామ్ ఫోల్డర్‌లో పడిపోయిన ఆ లింక్ కోసమే. మూడు, యజమాని వివరాలు మారాక 60 రోజుల వరకు డొమైన్‌ను ఇంకో రిజిస్ట్రార్‌కి తీసుకెళ్లనివ్వకుండా తాళం పడొచ్చు. అది మంచికే. అసలు ఈ నెలలో కంపెనీ మార్చే ఆలోచనే పెట్టుకోకండి, చౌక అని ఎవరు చెప్పినా సరే. ముందు డొమైన్ మీ పేరు మీదకి రానివ్వండి, కంపెనీ మార్చడం గురించి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

రిజిస్ట్రార్ దగ్గర అతనికి ఖాతానే లేదని, ఇంకెవరో ఏజెంట్ ద్వారా కొన్నానని కుర్రాడు చెబితే మాత్రం, పంపాల్సింది ఆ ఏజెంట్. అతని పేరు, ఫోన్, బిల్లు ఆ సాయంత్రమే రాసుకోండి.

గడువు సంగతి. చాలామంది కుర్రాళ్లు తమ డెబిట్ కార్డు పెట్టి ఆటో రెన్యూవల్ నొక్కి ఉంటారు. బ్యాంకు కార్డు మారుస్తుంది, ఉద్యోగంలో చేరాక కుర్రాడు జీతం ఖాతా వేరే తెరుస్తాడు, పాతదాంట్లో డబ్బుండదు. కార్డు తీసేసి, మీ ఖాతా నుంచే మూడేళ్లకు ఒకేసారి కట్టేయండి. `.com` పేరును పదేళ్ల దాకా ముందే కట్టుకోవచ్చు. గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద కూడా రాయండి. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతర రోజుల్లో గడువు పడితే ఈ ఊళ్లో ఎవరికీ మెయిల్ తెరిచే తీరికుండదు.

ఒకవేళ గడువు దాటిందే అనుకోండి. `.com` అయితే రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకూ మామూలు ధరకో, కొంచెం ఎక్కువకో మళ్లీ కట్టుకోనిస్తారు. ఆ తర్వాత 30 రోజులు విడిపించుకునే గడువుంటుంది, కానీ ఆ రుసుము మామూలు ధరకు కొన్ని రెట్లు. ఆ పైన 5 రోజులు ఎవరి చేతిలోనూ ఉండదు, ఆరో రోజు నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చు.

సైట్ కాపీ, మెయిల్ తీగ

హోస్టింగ్ ఖాతా మీ పేరు మీదకి మారుస్తూనే, సైట్ పూర్తి కాపీ ఒకటి ఇంటి కంప్యూటర్‌లోకి తీసుకోండి. వర్డ్‌ప్రెస్ సైట్ అంటే రెండు ముక్కలు. ఫైళ్లు ఒకటి, అందులో `wp-content` ఫోల్డర్ ముఖ్యం, మీ అప్పడాల ఫొటోలు `uploads` లో ఉంటాయి. డేటాబేస్ రెండోది, `.sql` ఫైల్‌గా వస్తుంది, ధరలు, పేజీలు, పాత ఆర్డర్లు అన్నీ అందులోనే. ఫైళ్లు మాత్రమే తీసి "బ్యాకప్ ఇచ్చేశాను" అనేవాళ్లున్నారు. `.sql` ఫైల్ కనబడాలి, దాని సైజు సున్నా కాకూడదు. వీలైతే వెళ్లేలోగా ఆ కాపీ నుంచి సైట్‌ను ఇంకోచోట లేపి చూపించమని కుర్రాణ్ని అడగండి. లేవని కాపీ ఉన్నా లేనట్టే.

ఎవరూ పట్టించుకోని ఒక తీగ ఇంకొకటుంది. ఆర్డర్ రాగానే మీకూ కొనేవాళ్లకూ మెయిల్ వెళ్తుంది కదా, అది ఎవరి ఖాతా నుంచి వెళ్తోందో అడగండి. తరచుగా అది మేనల్లుడి సొంత జీమెయిల్. దాని కోసం అతను గూగుల్ దగ్గర 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఒకటి తీసి సైట్‌లో పెట్టి ఉంటాడు. ఎప్పుడో అతను తన గూగుల్ పాస్‌వర్డ్ మార్చుకున్నాడంటే ఆ యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, మీ మెయిళ్లు చప్పుడు లేకుండా ఆగిపోతాయి. సైట్ బాగానే ఉంటుంది, ఆర్డర్లూ పడుతుంటాయి, మీకు మాత్రం తెలియదు. నాలుగు రోజుల తర్వాత సూరత్ నుంచి ఎవరో ఫోన్ చేసి "డబ్బు కట్టాను, పచ్చడి ఏదీ?" అంటే అప్పుడు బయటపడుతుంది. డ్యాష్‌బోర్డ్‌లో ఆర్డర్ ఉండి మెయిల్ లేకపోతే తెగింది ఈ తీగే. ఇప్పుడే కొట్టు జీమెయిల్‌తో కొత్త యాప్ పాస్‌వర్డ్ తీసి అక్కడ పెట్టించండి.

వర్డ్‌ప్రెస్‌లో `Settings`, `General` కింద `Administration Email Address` ఉంటుంది. అదీ మార్చాలి. మార్చగానే కొత్త మెయిల్‌కి లింక్ వస్తుంది, అది నొక్కేదాకా పాతదే చెల్లుతుంది.

మ్యాప్, పేమెంట్

గూగుల్ మ్యాప్‌లో మీ కొట్టు పేజీకి ఓనర్, మేనేజర్ అని రెండు రకాలు. మేనల్లుడే ప్రధాన ఓనర్‌గా, మీరు మేనేజర్‌గా ఉంటారు, లేదా మీరు అసలే ఉండరు. కొట్టు జీమెయిల్‌ను ఓనర్‌గా చేర్పించండి. కొత్త ఓనర్‌కి మొదటి 7 రోజులు పాతవాళ్లను తీసే అధికారం, ప్రధాన ఓనర్ హోదా అందుకునే వీలు ఉండవు. అందువల్ల బయల్దేరే ముందురోజు చేర్చి లాభం లేదు. నెల మొదటి వారంలోనే ఇది వేయండి.

పేమెంట్ గేట్‌వేకి కేవైసీ మీ బ్యాంకు ఖాతాతోనే జరిగి ఉంటుంది కాబట్టి డబ్బు మీకే వస్తుంది, కానీ లాగిన్ అతని నంబరు మీద ఉండొచ్చు. దాన్ని మార్చాక, సైట్‌లో పెట్టిన కీలను కొత్తగా తీయించండి. పాత రహస్య కీ అతని ల్యాప్‌టాప్‌లో ఎక్కడో ఉంటుంది, ఆ ల్యాప్‌టాప్ రేపు ఎవరికి అమ్ముతాడో తెలియదు. కొత్త కీ తీయడం, సైట్‌లో పెట్టడం ఒకే విడతలో జరగాలి, మధ్యలో ఆర్డర్లు పడకపోవచ్చు. అయ్యాక మీ ఫోన్ నుంచి మీ కొట్లోనే ఓ అప్పడాల ప్యాకెట్ కొనండి. డబ్బు కట్ అవడం, ఆర్డర్ కనబడడం, మెయిల్ రావడం, ఈ మూడూ జరిగితేనే పని అయినట్టు.

సంతకం పెట్టిన కాగితం

ఇంటి కుర్రాడితో కాగితాలేమిటి అనిపిస్తుంది. డబ్బిచ్చి కట్టించుకున్న ఫ్రీలాన్సర్ విషయంలో అయితే చాలామంది "డబ్బిచ్చాం, సైట్ మనదే" అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం అలా చెప్పదు. 17వ సెక్షన్ ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసినదైతే యజమానిది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు, మేనల్లుడూ కాడు. డబ్బిచ్చి తీయించిన ఫొటోల విషయంలో చట్టం తీయించినవారి వైపు మొగ్గుతుంది, కోడ్ విషయంలో కాదు. కోడ్ మీద హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం అది రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని, ఎక్కడిదాకానో రాయకపోతే భారతదేశం లోపలే అని అనుకుంటారు. కాబట్టి ఆ రెండు మాటలూ మరవకండి. చిన్న కొట్టుకి ఈ మాత్రం చాలు:

"`example.com` కోసం నేను తయారుచేసిన కోడ్, డిజైన్, రాతలు, ఫొటోల మీద నాకున్న కాపీరైట్ మొత్తాన్ని, అది అమలులో ఉన్నంతకాలానికి, ప్రపంచమంతటికీ వర్తించేలా, ఫలానా కొట్టు యజమాని ఫలానా వారికి బదిలీ చేస్తున్నాను. ఇందుకుగాను ఇన్ని రూపాయలు నాకు ముట్టాయి."

తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు. వర్డ్‌ప్రెస్, ఉచితంగా దొరికే ప్లగిన్లు ఇందులోకి రావు, అవి ఎవరైనా వాడుకునేవే. డబ్బుకి కొన్న థీమ్ ఉంటే దాని లైసెన్స్ ఎవరి ఖాతాలో ఉందో విడిగా రాయించుకోండి, లేకపోతే ఏడాది తర్వాత దాని అప్‌డేట్లు ఆగుతాయి. లక్షల్లో వ్యాపారం ఉన్నవాళ్లు వకీలుకి చూపించుకోవడం మంచిది.

అప్పగింత నోటు ఏ భాషలో?

బరంపురంలో ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు చక్కగా మాట్లాడి, తెలుగు అక్షరం చదవలేని పిల్లలు ఇంటింటా ఉన్నారు. రేపు సైట్ ఆగితే మీరు పిలిచే మెకానిక్ కుర్రాడు ఒడియా వాడు కావచ్చు. అందుకే నోటును రెండు భాగాలు చేయమంటాను. యజమానికి నెలనెలా కావాల్సింది, అంటే ధర ఎలా మార్చాలి, సరుకు అయిపోతే ఏం నొక్కాలి, మీరు చదవగలిగే భాషలో. ఖాతాల పట్టిక మాత్రం తెర మీద కనిపించే పేర్లతో, ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరు చూసినా అర్థమయ్యేలా.

నోటు రాయడంలో కుర్రాళ్లు చేసే పొరపాటు, తాము ఏం కట్టారో రాయడం. మీకు కావాల్సింది ఏం పాడైతే ఏం చేయాలన్నది. మన కొట్టు నోటులో ఓ ముక్క ఇలా ఉంటుంది:

"సైట్ అసలు తెరుచుకోకపోతే: ముందు `lookup.icann.org` లో గడువు తేదీ చూడండి. దాటితే రిజిస్ట్రార్ ఖాతాలో డబ్బు కట్టండి. దాటకపోతే హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి ఈ కస్టమర్ నంబరు చెప్పండి. తెరుచుకుని, ఆర్డర్ మాత్రం పడకపోతే: పేమెంట్ డ్యాష్‌బోర్డ్‌లో ఎర్ర గుర్తు ఉందేమో చూడండి. అప్‌డేట్ నొక్కిన తర్వాత పేజీ తెల్లగా అయిపోతే: ఏమీ ముట్టుకోకండి, హోస్టింగ్‌లో నిన్నటి బ్యాకప్‌ని తిరిగి పెట్టమనండి."

రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. పాస్‌వర్డ్‌లు నోటులో రాయకండి, అవి ఎక్కడ దాచారో అది రాయండి. పాస్‌వర్డ్ మేనేజర్ వాడితే సరే, లేకపోతే బీరువాలో వేరే పుస్తకం. వాట్సాప్‌లో పంపినవి మాత్రం అన్నీ మార్చేసి, ఆ సందేశాలు చెరిపేయండి. నోటును మేనల్లుడు కాకుండా ఇంట్లో ఇంకొకరి చేత, మీ కోడలి చేతో కూతురి చేతో, చదివించి ఒక ధర మార్పించండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ నోటు అసంపూర్తిగా ఉన్నట్టు.

చివరగా పాత పేరు తీయడం

అన్నీ మీ చేతికి వచ్చాకే అతన్ని తీయాలి. ముందే తీస్తే మధ్యలో ఎక్కడో తాళం పడి, విప్పేవాడు బయట ఉంటాడు. వర్డ్‌ప్రెస్‌లో అతని పేరును తొలగించేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. `Delete all content` అని ఒకటి, `Attribute all content to` అని ఒకటి. మొదటిది నొక్కితే అతను రాసిన పేజీలన్నీ అతనితోపాటే పోతాయి. రెండోది ఎంచుకుని పక్కన మీ పేరు పెట్టండి. హోస్టింగ్‌లో ఎఫ్‌టీపీ ఖాతాలు విడిగా ఉంటాయి, అవీ చూడండి.

తీయడం అంటే అవమానించడమని కుర్రాడు అనుకోకుండా మాట ముందే చెప్పండి. "నాన్నా, రేపు సైట్‌ని ఎవడైనా పాడుచేస్తే నీ పేరు రాకూడదు కదా" అంటే అర్థం చేసుకుంటాడు. అది నిజం కూడా. పాత ఖాతా తెరిచి ఉంటే మొదట అనుమానం పడేది అతని మీదే. అప్పుడప్పుడూ అతని సాయం కావాలనుకుంటే, పాతదాన్ని వదిలేయకుండా, అవసరమైన రోజున కొత్తగా అడ్మిన్ ఖాతా ఇచ్చి పని కాగానే తీసేయండి.

అప్పటికే వెళ్లిపోయి ఉంటే

ఫోన్ ఎత్తుతున్నాడంటే పైన చెప్పినవన్నీ వీడియో కాల్‌లో రెండు ఆదివారాల్లో అయిపోతాయి, వరస మాత్రం మార్చకండి. డొమైన్ గడువు ఎప్పుడో ముందు చూసుకోండి. కొన్ని రిజిస్ట్రార్లు లాగిన్ లేకుండానే ఎవరైనా రెన్యూవల్ కట్టనిస్తాయి, అడిగి చూడండి. దాంతో డొమైన్ మీదవదు గానీ ఓ ఏడాది ఊపిరి పీల్చుకోవచ్చు.

మ్యాప్ పేజీకి గూగుల్‌లో ఓనర్‌షిప్ అభ్యర్థన పెడితే పాత ఓనర్‌కి మెయిల్ వెళ్తుంది, జవాబుకి 3 రోజులు గడువిస్తారు. జవాబు రాకపోతే కొట్టు మీదేనని నిరూపించుకుని తీసుకునే అవకాశం ఉండొచ్చు. అన్నింటిలో ఇది తేలిక.

డొమైన్ విషయంలో రిజిస్ట్రార్‌కి రాసేటప్పుడు కొట్టు రిజిస్ట్రేషన్ కాగితాలు, జీఎస్‌టీ ఉంటే అది, మీరు డబ్బు పంపిన బ్యాంకు పద్దులు జతచేయండి. రిజిస్ట్రెంట్‌లో సంస్థ పేరు మీ కొట్టుదైతే పని జరగొచ్చు. కుర్రాడి పేరుంటే వాళ్లు చేయగలిగింది తక్కువ. పోట్లాడేవాళ్లకు దారులు లేకపోలేదు. `.in` పేర్లకు నిక్సీ దగ్గర ఆర్బిట్రేషన్ ఉంది, `.com` పేర్లకు వైపో లాంటి సంస్థల దగ్గర ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ పద్ధతులన్నీ ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్ల కోసం, దురుద్దేశంతో పేరు కొన్నవాళ్ల మీద పెట్టినవి. మీ కోసమే కొన్న మేనల్లుడికి దురుద్దేశం ఉందని నిరూపించడం కష్టం, పైగా వైపో దగ్గర ఒక డొమైన్‌కి, ఒక్క ప్యానెలిస్టుతో తేల్చుకున్నా రుసుము 1,500 డాలర్లు. ఆ దాకా వెళ్లేముందు మీ అక్కకి ఫోన్ చేయండి. ఆమె చెబితే వాడు వింటాడు.